ఫోను మార్చాక చెల్లింపు యాప్ నమోదు కావడం లేదా? ఆ ఎస్సెమ్మెస్ ఎక్కడ ఆగిందో చూడండి

కొత్త ఫోను కొన్నారు, లేదా సిమ్ పాడైతే దుకాణంలో మార్పించుకున్నారు. యూపీఐ యాప్ వేసుకుని, నంబరు ఎంచుకుని, ముందుకు నొక్కారు. చక్రం కాసేపు తిరిగి, పరికరాన్ని ధ్రువీకరించలేకపోయామనో, ఎస్సెమ్మెస్ పంపడం కుదరలేదనో చెప్పి ఆగిపోయింది. ఇక్కడ చాలామంది ఓటీపీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఎంతసేపు చూసినా అది రాదు. యాప్‌లోకి ప్రవేశించడానికి ఓటీపీ అడిగే దశ వేరు, అది దాటేశారు. ఇప్పుడు మీకు రావలసిన మెసేజ్ ఏదీ లేదు. మీ ఫోను నుంచి వెళ్లవలసిన మెసేజ్ ఒకటి ఉంది. అది వెళ్లలేదు, లేదా వెళ్లవలసిన చోటికి సరిగ్గా చేరలేదు.

ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం పని అయినట్టే. యాప్ తీసేసి మళ్లీ వేయడం, ఫోను ఆపి మళ్లీ పెట్టడం లాంటి పూజలన్నీ ఆ తరువాతి మాట.

తెర వెనుక ఏం జరుగుతుంది

మీరు నంబరు ఎంచుకోగానే యాప్ మీ ఫోను నుంచి, మీ సిమ్ ద్వారా, అర్థం పర్థం లేని అక్షరాలూ అంకెలూ ఉన్న ఒక ఎస్సెమ్మెస్‌ను ఒక బ్యాంకు నంబరుకు పంపుతుంది. ఆ అక్షరాల్లో ఇది ఫలానా ఫోనులోని ఫలానా యాప్ అనే గుర్తు ఉంటుంది. ఇక అది ఏ మొబైల్ నంబరు నుంచి వచ్చిందన్నది మీరు టైపు చేసేది కాదు, టెలికాం నెట్‌వర్కే చెబుతుంది. ఉత్తరం మీద తపాలా ముద్ర లాంటిదది. లోపలి గుర్తూ, వచ్చిన నంబరూ కలిస్తే బ్యాంకు సర్వరు ఆ నంబరును ఆ ఫోనుకు ముడివేస్తుంది. దీన్నే డివైస్ బైండింగ్ అంటారు. మీ నంబరు తెలిసిన ప్రతివాడూ తన ఫోనులో మీ ఖాతా తెరుచుకోకుండా ఆపేది ఈ ముడే. ఫోను మారినా, సిమ్ మారినా ముడి తెగుతుంది, మళ్లీ వేయాలి.

ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఇంకొకటి ఉంది. ఆ మెసేజ్ వెళ్లేది యాప్ వెనుక ఉన్న భాగస్వామి బ్యాంకుకు. అది మీ ఖాతా ఉన్న బ్యాంకే కానక్కరలేదు. అందుకే ఈ దశలో ఆగిపోయినప్పుడు మీ బ్యాంకు శాఖకు వెళ్తే, అక్కడివారు తమ కంప్యూటరులో చూసి మీ ఖాతా బాగానే ఉందంటారు. వాళ్లు చెప్పేది నిజమే.

కాబట్టి చేయవలసిన పని ఆ మెసేజ్ ప్రయాణాన్ని వెంబడించడం. కింద చెప్పిన వరుసలోనే చూడండి. ఎక్కువగా తగిలే కారణాలు ముందు వస్తాయి.

1. సిమ్ మార్చి ఒక రోజు నిండిందా?

అన్నిటికన్నా ముందు ఇదే. పాత నంబరుకే కొత్త సిమ్ తీసుకుంటే, అంటే సిమ్ పోయిందనో, పాడైందనో, ఈ-సిమ్‌కు మారాలనో మార్పించుకుంటే, కొత్త సిమ్ పనిచేయడం మొదలైన దగ్గర నుంచి 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లు ఆగిపోతాయి. వచ్చేవీ ఆగుతాయి, వెళ్లేవీ ఆగుతాయి. టెలికాం శాఖ ఆదేశం ప్రకారమే కంపెనీలు ఇలా చేస్తాయి. దొంగ పత్రాలతో ఎవరో మీ నంబరుకు నకిలీ సిమ్ తీసుకుంటే, మీ పాత సిమ్ మూగబోవడం చూసి మీరు మేలుకునేలోగా వాళ్లు ఖాతా ఖాళీ చేయకుండా ఉండాలని పెట్టిన విరామం ఇది.

ఇబ్బంది ఏమిటంటే ఈ 24 గంటల్లోనూ కాల్స్ వస్తాయి, ఇంటర్నెట్ వస్తుంది, వాట్సాప్ నడుస్తుంది. సిమ్ దివ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. దుకాణంలో సిమ్ ఇచ్చిన కుర్రవాడు ఈ మాట చెప్పకపోతే మీకు తెలిసే దారి లేదు. కంపెనీ వాళ్లను అడిగినా ఈ విరామాన్ని తగ్గించరు. సాయంత్రం ఆరింటికి సిమ్ పనిచేయడం మొదలైతే మర్నాడు సాయంత్రం ఆరు దాటాక ప్రయత్నించండి. ఈలోపు యాప్‌ను పదే పదే నొక్కకండి. వరుసగా విఫలమైతే కొన్ని యాప్‌లు తామే కొంతకాలం నమోదును ఆపేస్తాయి, అప్పుడు ఒక నిరీక్షణ మీద మరొకటి పడుతుంది.

పాత సిమ్‌నే తీసి కొత్త ఫోనులో పెట్టి ఉంటే ఈ విరామం మీకు వర్తించదు. తరువాతి మెట్టుకు వెళ్లండి.

2. మీరే ఒక మామూలు ఎస్సెమ్మెస్ పంపి చూడండి

ఇంట్లో ఇంకొకరి నంబరుకు, బ్యాంకులో నమోదైన ఆ సిమ్ నుంచే, ఒక మామూలు మెసేజ్ పంపండి. వాట్సాప్‌లో కాదు, ఫోనుతో వచ్చిన మెసేజ్‌ల యాప్‌లో. పంపేముందు వైఫై, మొబైల్ డేటా రెండూ ఆపేయండి. ఈ చివరి మాటను తేలిగ్గా తీసుకోకండి. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆర్‌సీఎస్ అనే సదుపాయం ఉంటుంది, ఐఫోన్లలో ఐమెసేజ్ ఉంటుంది. అవతలివారికీ అవి ఉంటే మీ మెసేజ్ ఎస్సెమ్మెస్‌గా కాక ఇంటర్నెట్ మీద వెళ్లిపోతుంది. మెసేజ్ చేరిందిగా అని మీరు నిశ్చింతగా ఉంటారు, కానీ ఎస్సెమ్మెస్ దారి మూసుకుపోయే ఉండవచ్చు. డేటా ఆపేస్తే ఆ మోసం ఉండదు. అవతల బటన్ల ఫోను వాడేవారు ఎవరైనా ఉంటే పరీక్షకు వారి నంబరు ఇంకా మంచిది.

మెసేజ్ చేరితే సిమ్, నెట్‌వర్క్ బాగున్నాయి. మూడో మెట్టు మీద ఒక చూపు వేసి నాలుగుకు వెళ్లండి. చేరకపోతే తప్పు యాప్‌ది కాదు, బ్యాంకుది కాదు. ఆ ఎస్సెమ్మెస్ వెళ్లేదాకా యాప్‌ను ముట్టుకోనవసరం లేదు.

3. బ్యాలెన్స్, ప్యాకు

ప్రీపెయిడ్ సిమ్ అయితే ప్యాకు గడువు చూడండి. గడువు తీరితే ముందుగా ఆగేవి మీ నుంచి వెళ్లే కాల్స్, ఎస్సెమ్మెస్‌లే. ఇంట్లో వైఫై ఉన్నవారు, బ్యాంకు మెసేజ్‌ల కోసమే ఒక పాత నంబరును ఉంచుకున్నవారు ఇక్కడే చిక్కుకుంటారు. వైఫై మీద యాప్ హాయిగా తెరుచుకుంటుంది, ఆ ఒక్క ఎస్సెమ్మెస్ మాత్రం కదలదు.

డేటా మాత్రమే ఇచ్చే ప్యాకుల్లో పంపుకునే ఎస్సెమ్మెస్‌లు ఉండవు. అపరిమిత కాల్స్ ఉన్న ప్యాకుల్లో సాధారణంగా రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లు ఉంటాయి, చౌక రకాల్లో మొత్తం గడువుకు లెక్కపెట్టి ఇస్తారు. ప్యాకులో ఎస్సెమ్మెస్‌లు లేకపోతే ఒక్కోదానికి రూపాయి, రూపాయిన్నర వరకు మెయిన్ బ్యాలెన్స్ నుంచి పోతుంది, అక్కడ సున్నా ఉంటే మెసేజ్ వెళ్లదు. ప్యాకు ఉన్నా సరే, ఒక పది రూపాయల టాప్-అప్ వేసి ఉంచమని నా సలహా. చేతికి వచ్చేది ఏడు రూపాయల చిల్లరే అయినా నాలుగైదు ప్రయత్నాలకు సరిపోతుంది. ప్రతి ప్రయత్నానికీ ఒక కొత్త ఎస్సెమ్మెస్ వెళ్తుందని, విఫలమైనవాటికీ డబ్బు పోవచ్చని గుర్తుంచుకోండి.

4. రెండు సిమ్‌ల ఫోను

మీ ఫోనులో రెండు సిమ్‌లు ఉంటే ఎస్సెమ్మెస్ ఏ సిమ్ నుంచి వెళ్లిందన్నదే అసలు ప్రశ్న. బ్యాంకులో ఉన్న నంబరు మొదటి సిమ్‌ది, మెసేజ్ వెళ్లింది రెండో సిమ్ నుంచి అయితే, సర్వరుకు మీరు ఎవరో కొత్త మనిషిగా కనిపిస్తారు. యాప్ సిమ్ ఎంచుకోమని అడుగుతుంది, మీరూ సరిగ్గానే ఎంచుకుంటారు. అయినా కొన్ని ఫోన్లలో ఎస్సెమ్మెస్‌ల కోసం ముందే ఖాయం చేసి ఉంచిన సిమ్ నుంచే మెసేజ్ వెళ్లిపోతుంది.

ఫోను సెట్టింగులలో సిమ్‌ల విభాగంలోకి వెళ్తే కాల్స్, ఎస్సెమ్మెస్‌లు, డేటా వేటికి ఏ సిమ్ అని విడివిడిగా కనిపిస్తుంది. ఎస్సెమ్మెస్‌ల దగ్గర బ్యాంకు నంబరున్న సిమ్ పెట్టండి. డేటా కూడా కాసేపు ఆ సిమ్‌కే మార్చి, వైఫై ఆపేయండి. అప్పటికీ కుదరకపోతే రెండో సిమ్‌ను సెట్టింగులలోనే తాత్కాలికంగా ఆపేయండి. ఫోను విప్పి సిమ్ బయటికి తీయనక్కరలేదు. ఒక్క సిమ్ మాత్రమే మిగిలితే ఇక గందరగోళానికి చోటుండదు. నమోదు అయ్యాక మళ్లీ పాత పద్ధతికి మార్చుకోవచ్చు.

5. యాప్‌కు అనుమతి ఉందా?

కొత్త ఫోనులో యాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఎస్సెమ్మెస్‌లకు, ఫోనుకు అనుమతి అడుగుతుంది. తొందరలో వద్దని నొక్కి ఉంటే యాప్ మెసేజ్ పంపలేదు. సెట్టింగులలో యాప్స్ తెరిచి, ఆ యాప్ పేరు నొక్కి, పర్మిషన్స్‌లో ఎస్సెమ్మెస్, ఫోన్ రెండూ అనుమతించండి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఎస్సెమ్మెస్ చదవడానికి ఒక అనుమతి, పంపడానికి ఇంకొకటి ఉంటాయి, పంపేది విడిగా ఇవ్వాలి.

ఐఫోనులో పద్ధతి వేరు. అక్కడ ఏ యాప్ కూడా మీకు తెలియకుండా ఎస్సెమ్మెస్ పంపలేదు. మెసేజ్ రాసి సిద్ధంగా ఉంచిన తెర వస్తుంది, పంపే బాణం మీరే నొక్కాలి. నొక్కేముందు మెసేజ్ ఏ నంబరు నుంచి వెళ్లబోతోందో, అది బ్యాంకులో ఉన్న నంబరేనా చూడండి. లోపల ఉన్న గజిబిజి అక్షరాలను ముట్టుకోకండి, ఒక్క ఖాళీ కలిసినా చెల్లకపోవచ్చు. నొక్కాక వెంటనే యాప్‌లోకి తిరిగి రండి.

6. మెసేజ్‌ల యాప్‌లో జాడ వెతకండి

ఇంతవరకు ఏ కారణమూ దొరకకపోతే మెసేజ్‌ల యాప్ తెరవండి. ఆండ్రాయిడ్‌లోనూ యాప్ పంపిన ఆ ఎస్సెమ్మెస్ అక్కడ కనిపించాలి. ముక్కూ మొహం తెలియని నంబరుకు, మీరు రాయని అక్షరాల మెసేజ్ ఉంటుంది. మామూలుగా ఎవరూ చూడని ఈ చోటే మీకు అన్నిటికన్నా స్పష్టమైన సాక్ష్యం.

అక్కడ మెసేజే లేకపోతే యాప్ పంపలేదు, అనుమతులు మళ్లీ చూడండి. ఉండి, పక్కన వెళ్లలేదన్న గుర్తు ఉంటే బ్యాలెన్స్ గానీ, సిగ్నల్ గానీ, 24 గంటల విరామం గానీ కారణం. వెళ్లినట్టు ఉండి, కింద వేరే సిమ్ పేరు కనిపిస్తే నాలుగో మెట్టులోని తిప్పలే. సరైన సిమ్ నుంచే వెళ్లినట్టు ఉండీ నమోదు కాకపోతే, మెసేజ్ ఆలస్యంగా చేరి ఉండాలి, లేదా సర్వరు వైపు ఏదో అడ్డు ఉండాలి. ఒక అరగంట ఆగి, సిగ్నల్ బాగా ఉన్న చోట మళ్లీ చేయండి.

విఫలమైన ఆ పాత మెసేజ్‌నే నొక్కి మళ్లీ పంపడం వల్ల లాభం లేదు. లోపలి అక్షరాలకు ఆయుష్షు చాలా తక్కువ. యాప్‌లో మొదటినుంచి చేస్తేనే కొత్త గుర్తుతో కొత్త మెసేజ్ పుడుతుంది.

హనుమకొండ పెదనాన్న కథ

ఈ మెట్లు విడివిడిగా వస్తాయనుకుంటే పొరపాటు. మా పెదనాన్న హనుమకొండలో ఉంటారు, ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. పాత సిమ్ కొత్త ఫోను గాడిలో పట్టకపోతే శనివారం సాయంత్రం దుకాణంలో అదే నంబరుకు చిన్న సిమ్ మార్పించుకున్నారు. సోమవారం ఒకటో తారీకు. మనవడి హాస్టల్‌కు 8,000 రూపాయలు పంపాలి. ఆదివారం పొద్దున్నే ఫోను చేశారు.

"పెదనాన్నా, సిమ్ ఎప్పుడు మార్పించారు?"

"నిన్న సాయంత్రమే కదమ్మా. కాల్స్ వస్తున్నాయి, ఇంటర్నెట్ వస్తోంది. సిమ్‌కు ఏ రోగమూ లేదు. ఆ యాప్‌కే ఏదో అయింది."

సాయంత్రం దాకా యాప్ తెరవవద్దని చెప్పాను. ఇష్టం లేకుండానే ఒప్పుకున్నారు. రాత్రి ఎనిమిదింటికి డేటా ఆపి పెద్దమ్మ ఫోనుకు ఎస్సెమ్మెస్ పంపమన్నాను, చేరింది. అంటే విరామం ముగిసింది, బ్యాలెన్స్ ఉంది. అయినా యాప్‌లో మళ్లీ అదే లోపం. ఈసారి మెసేజ్‌ల యాప్ తెరిపించాను. గజిబిజి మెసేజ్ అక్కడే ఉంది, వెళ్లినట్టే ఉంది, కానీ రెండో సిమ్ నుంచి వెళ్లింది. డేటా చవక అని అల్లుడు వేయించిన సిమ్ అది. కొత్త ఫోను పెట్టినప్పుడే ఎస్సెమ్మెస్‌లకూ దాన్నే ఖాయం చేశారు. పెద్దమ్మకు వెళ్లిన మెసేజ్ కూడా ఆ సిమ్ నుంచే వెళ్లింది. అందుకే రెండో మెట్టులో బ్యాంకు సిమ్ నుంచే పంపమని అంత గట్టిగా చెప్పాను. పరీక్ష నెగ్గింది, కానీ నెగ్గింది వేరే సిమ్.

రెండో సిమ్‌ను ఆపించి, మొదటి సిమ్ నుంచి ముందు మామూలు మెసేజ్, తరువాత యాప్‌లో నమోదు చేయించాను. నిమిషంలో అయిపోయింది. సోమవారం పొద్దున 8,000 పంపబోతే యాప్ ఒప్పుకోలేదు. కారణం కిందికి వచ్చాక చెబుతాను.

ఎస్సెమ్మెస్ వెళ్లింది, ఫోనే నచ్చలేదు

కొన్నిసార్లు అడ్డు ఎస్సెమ్మెస్ దగ్గర ఉండదు. యాప్ ఆ ఫోనునే నమ్మదు. రూట్ చేసిన ఫోను, బూట్‌లోడర్ విప్పిన ఫోను, మూల సాఫ్ట్‌వేర్ మార్చిన ఫోను, అంటే తయారీ కంపెనీ పెట్టిన తాళాలు ఎవరో తీసేసిన ఫోను అయితే చాలా చెల్లింపు యాప్‌లు పనిచేయవు. సెకండ్ హ్యాండ్ ఫోను కొన్నవారు ఇది తప్పకుండా చూడాలి. ప్లే స్టోర్ తెరిచి, పైన మీ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్‌లో అబౌట్ విభాగంలో ప్లే ప్రొటెక్ట్ ధ్రువీకరణ దగ్గర ఆ పరికరం ధ్రువీకరించినదో కాదో ఉంటుంది. ధ్రువీకరించలేదని ఉంటే ఎన్ని సిమ్‌లు మార్చినా ప్రయోజనం లేదు, అమ్మినవాడితో తేల్చుకోవడమే.

మామూలు ఫోనులో కూడా కొన్ని చిన్న కారణాలు ఉంటాయి. వీపీఎన్ ఆన్‌లో ఉండటం, తేదీ సమయం చేత్తో పెట్టుకుని ఉండటం, డెవలపర్ ఆప్షన్స్ తెరిచి ఉండటం, తెరను ఇతరులకు చూపించే యాప్ నడుస్తూ ఉండటం. వీటిని ఆపి చూడండి. ఒకే యాప్‌ను రెండుగా వాడుకునే సదుపాయంలోని రెండో కాపీలో గానీ, ఆఫీసు వాళ్లు పెట్టిన వర్క్ ప్రొఫైల్‌లో గానీ నమోదు చేస్తుంటే, అది మానేసి అసలు కాపీలోనే చేయండి.

నంబరే మారితే, సిమ్ ఇక్కడ మనిషి అక్కడ ఉంటే

నంబరు కొత్తదైతే మీ బ్యాంకు శాఖలో గానీ, బ్యాంకు చూపిన ఇతర మార్గంలో గానీ ముందు కొత్త నంబరును ఖాతాకు చేర్పించండి. అది చేయకుండా యాప్‌లో నమోదు చేస్తే ఎస్సెమ్మెస్ మెట్టు హాయిగా దాటుతుంది, ఆ తరువాత ఈ నంబరుతో ఏ ఖాతా లేదని చెబుతుంది. ఆ మాట వినిపించిందంటే సమస్య ఇక సిమ్‌ది కాదు, బ్యాంకు రికార్డుది. వాడకుండా వదిలేసిన పాత నంబరును కంపెనీలు కొంతకాలం తరువాత వేరొకరికి ఇచ్చేస్తాయి కనుక, బ్యాంకులో పాత నంబరును అలాగే వదిలేయడం ప్రమాదం కూడా.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల నుంచి తరచు వచ్చే ప్రశ్న మరొకటి. మనిషి డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉంటాడు, భారతీయ సిమ్ విజయవాడలో అమ్మగారి ఫోనులో ఉంటుంది. ఓటీపీ అయితే అమ్మ చదివి చెబుతారు. కానీ ఇక్కడ ఎస్సెమ్మెస్ వెళ్లవలసింది యాప్ ఉన్న ఫోను నుంచే. కాబట్టి సిమ్‌ను తన దగ్గరికి తెప్పించుకుని, అంతర్జాతీయ రోమింగ్ తెరిపించుకుని, అక్కడి నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లేలా చూసుకోవాలి. రోమింగ్‌లో ఒక్కో ఎస్సెమ్మెస్‌కు మామూలుకన్నా చాలా ఎక్కువ పడుతుంది. ఇంకో దారి ఉంది. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలున్నవారు అక్కడి మొబైల్ నంబరుతోనే యూపీఐ వాడుకునే వీలును, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2023లో మొదట 10 దేశాలకు ఇచ్చింది. అమెరికా, యూఏఈ, సౌదీ అరేబియా, ఖతార్, ఒమన్, బ్రిటన్, సింగపూర్, ఆస్ట్రేలియా, కెనడా, హాంగ్‌కాంగ్ అందులో ఉన్నాయి. మీ బ్యాంకూ, మీ యాపూ రెండూ ఆ సదుపాయం ఇస్తున్నాయో లేదో చూసుకోవాలి.

ఎవరో చెప్పిన ఎస్సెమ్మెస్ పంపకండి

లోపం రాగానే వెబ్‌లో సహాయ కేంద్రం నంబరు వెతికేవారు చాలామంది. అక్కడ దొరికే నంబర్లలో నకిలీవి ఉంటాయి. అవతలివాడు మర్యాదగా మాట్లాడి, ఒక గజిబిజి మెసేజ్ మీకు పంపి, దాన్ని ఫలానా నంబరుకు మీ సిమ్ నుంచి పంపితే సరైపోతుందంటాడు. ఇప్పుడు మీకు లెక్క తెలుసు కదా. ఆ అక్షరాల్లో ఉన్నది వాడి ఫోను గుర్తు. మీ సిమ్ నుంచి వెళ్లగానే మీ నంబరు వాడి ఫోనుకు ముడిపడుతుంది. ఆ తరువాత ఏదో నెపంతో కార్డు వివరాలు, పిన్ అడుగుతాడు. యాప్ తానుగా తయారుచేసిన మెసేజ్ తప్ప ఇంకెవరూ ఇచ్చినది మీ సిమ్ నుంచి వెళ్లకూడదు. సహాయం కావాలంటే యాప్ లోపలి సహాయ విభాగంలోకే వెళ్లండి. పంపేసి ఉంటే వెంటనే బ్యాంకుకు చెప్పి ఖాతాలో యూపీఐ ఆపించి, సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోను చేయండి.

నమోదు అయ్యాక

పెదనాన్న డబ్బు ఎందుకు ఆగిందో ఇప్పుడు చెప్పవచ్చు. ఫోను గానీ సిమ్ గానీ మార్చి కొత్తగా ముడివేసుకున్నాక మొదటి 24 గంటల్లో మొత్తం 5,000 రూపాయల వరకే పంపనిస్తారు. కొన్ని బ్యాంకులు ఐఫోనుకు ఈ పరిమితిని 72 గంటలు ఉంచుతాయి. ఇది లోపం కాదు, నకిలీ సిమ్‌తో ఎవరైనా చొరబడినా నష్టం అక్కడికి ఆగాలని పెట్టినది. పెదనాన్న ఆ పూట 5,000 పంపి, మిగిలిన 3,000 మంగళవారం పంపారు. అద్దె, ఫీజులు కట్టే రోజు దగ్గర్లో ఉంటే ఫోను మార్చడాన్ని ఒక వారం వెనక్కి జరపడం మేలు. కుదరకపోతే డెబిట్ కార్డునో నెట్ బ్యాంకింగ్‌నో సిద్ధంగా ఉంచుకోండి.

కొన్ని బ్యాంకులు యూపీఐ పిన్ మళ్లీ పెట్టుకోమంటాయి. అందుకు డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ కావాలి. ఆధార్‌తో పెట్టుకునే వీలును ఇచ్చే బ్యాంకులూ ఉన్నాయి.

పాత ఫోనును ఎవరికైనా ఇచ్చేముందు అందులో యూపీఐ లైట్ ఉందేమో చూడండి. చిన్న మొత్తాల కోసం అందులో వేసుకున్న డబ్బు ఆ ఫోనుకే అంటుకుని ఉంటుంది, కొత్త ఫోనుకు తనంతట రాదు. పాత ఫోనులో లైట్‌ను మూసేస్తే మిగిలినది బ్యాంకు ఖాతాకు తిరిగి వస్తుంది. ఇది కొత్త ఫోనులో నమోదు చేయకముందే చేయాలి, ఎందుకంటే అదే యాప్‌లో కొత్త ఫోను ముడిపడగానే పాత ఫోనులోని ముడి తెగిపోతుంది.

ఇంకా కుదరకపోతే ఎవరిని అడగాలి

మామూలు ఎస్సెమ్మెస్ కూడా వెళ్లకపోతే టెలికాం కంపెనీని అడగాలి. ఆ సిమ్ నుంచే 198కి చేస్తే ఫిర్యాదు తీసుకుంటారు. ఎస్సెమ్మెస్ సేవ నా నంబరుకు తెరిచి ఉందా అని సూటిగా అడగండి, నెట్ రావడం లేదా, కాల్స్ రావడం లేదా అనే ప్రశ్నల్లోకి వెళ్లనివ్వకండి. ఫిర్యాదు సంఖ్య రాసుకోండి.

ఎస్సెమ్మెస్ సరైన సిమ్ నుంచి వెళ్లినట్టు కనిపిస్తూ నమోదు మాత్రం కాకపోతే యాప్ సహాయ విభాగంలో రాయండి. ఏ తేదీన ఏ సమయానికి ప్రయత్నించారో, ఏ కంపెనీ సిమ్మో, మెసేజ్ వెళ్లినట్టు కనిపిస్తోందో లేదో రాసి, ఆ మెసేజ్ తెర బొమ్మ జతచేయండి. లోపలి అక్షరాలు అప్పటికే చెల్లనివై ఉంటాయి, అయినా వాటిని కప్పేసి పంపడమే నాకు ఇష్టం. వాళ్లకు కావలసింది సమయమూ, వెళ్లిన నంబరూ. యాప్‌లో రాసినా జవాబు రాకపోతే మీ బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో అక్కడా తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఈలోగా చేయగలిగింది ఒకటుంది. వేరే యూపీఐ యాప్‌లో ప్రయత్నించండి. దాని వెనుక ఉండే భాగస్వామి బ్యాంకు వేరై ఉండవచ్చు, ఎస్సెమ్మెస్ వెళ్లే నంబరూ వేరై ఉంటుంది, అక్కడ మొదటిసారికే ముడిపడినా ఆశ్చర్యం లేదు.